"రీజన్ ఆఫ్ డిలే" అని రాస్తే మేనేజర్ ఎర్ర రంగు వేసి పంపింది. ఇందులో తప్పేంటి?

గచ్చిబౌలి_గోపి · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సపోర్ట్ ప్రాజెక్టులో నాలుగేళ్లుగా చేస్తున్నాను. నిన్న రిపోర్టు ఆలస్యంగా వెళ్లింది. క్లయింట్‌కి వివరణ ఇస్తూ మెయిల్ డ్రాఫ్ట్ చేసి మా మేనేజర్‌కి చూపించాను. ఆవిడ నాలుగు చోట్ల ఎర్ర రంగు వేసి, ఒక్క ముక్క వివరణ లేకుండా తిప్పి పంపింది. ఆ నాలుగు వాక్యాలు ఇవి:

ద రీజన్ ఆఫ్ డిలే ఈజ్ సర్వర్ ప్యాచింగ్.
వి హ్యావ్ ఫౌండ్ ద సొల్యూషన్ ఆఫ్ దిస్ ఇష్యూ.
అవర్ డీబీఏ ఈజ్ వెరీ గుడ్ ఇన్ డేటాబేస్ ట్యూనింగ్.
ఇఫ్ యు ఆర్ ఇంట్రస్టెడ్ ఆన్ ఎ కాల్, ప్లీజ్ లెట్ మి నో.

ఆఫ్, ఇన్, ఆన్ మీదే రంగు ఉంది కాబట్టి తప్పు అక్కడే అని అర్థమైంది. ఏం పెట్టాలో నెట్‌లో వెతికితే దొరుకుతుంది, అది కాదు నా బాధ. ఈరోజు దిద్దుకున్నా రేపు మళ్లీ అదే రాస్తాను. చేతికి అలవాటైపోయింది. ఇవి గుర్తుండే దారి ఏదైనా ఉందా, లేక బట్టీ పట్టాల్సిందేనా?

ఉప్పల్_ఉష · రాత్రి 9:58

బట్టీనే గోపీ, వేరే దారి లేదు. రీజన్ ఫర్, సొల్యూషన్ టు, గుడ్ ఎట్, ఇంట్రస్టెడ్ ఇన్. మానిటర్ కింద స్టిక్కర్ అంటించుకో.

ట్రైనర్_రమణ · రాత్రి 10:15

బట్టీ అక్కర్లేదండీ, చాలా సులువైన చిట్కా ఉంది. వాక్యాన్ని మొదట తెలుగులో అనుకోండి. "సమస్యకి పరిష్కారం" అంటాం. "కి" వచ్చింది కాబట్టి "టు" పెట్టాలి: సొల్యూషన్ టు. అలాగే "ప్రశ్నకి జవాబు", ఆన్సర్ టు. "సర్వర్‌కి యాక్సెస్", యాక్సెస్ టు. తెలుగులో "కి" ఉన్న ప్రతిచోటా ఇంగ్లిష్‌లో "టు". నా బ్యాచుల్లో అందరికీ ఇదే చెప్తాను, బాగా పనిచేస్తుంది.

గచ్చిబౌలి_గోపి · రాత్రి 10:21

బాగుంది సార్. మరి "ఆలస్యానికి కారణం" అన్నప్పుడు కూడా "కి" ఉంది కదా? రీజన్ టు డిలే అనాలా?

ట్రైనర్_రమణ · రాత్రి 10:30

అది మినహాయింపు.

శ్యామల_రివ్యూ · రాత్రి 11:05

రమణగారూ, అది మినహాయింపు కాదండీ, సగం భాష అలాగే ఉంటుంది. "సెలవుకి అభ్యర్థన" రిక్వెస్ట్ ఫర్, "దీనికి బాధ్యుడు" రెస్పాన్సిబుల్ ఫర్, "ప్రమోషన్‌కి అర్హుడు" ఎలిజిబుల్ ఫర్. అన్నిట్లోనూ మనకి "కి"నే ఉంది. కానీ మీ చిట్కాలో పనికొచ్చే సగం ఒకటుంది, దాన్ని పట్టుకుని కొంచెం ముందుకెళ్దాం.

నేను తార్నాకలో, ఇఫ్లూకి ఆ పేరు రాకముందు, సీఫెల్ అనే రోజుల్లో చదువుకున్నాను. తర్వాత చాలా ఏళ్లు కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీకి డాక్యుమెంట్లు దిద్దుతున్నాను. రోజుకి కనీసం రెండు "రీజన్ ఆఫ్"లు నా కళ్ల ముందు పడతాయి.

గోపీ, ఒక పని చేయండి. "ఆలస్యం యొక్క కారణం" అని బయటికి గట్టిగా అనండి. మీ జీవితంలో ఎప్పుడైనా ఎవరితోనైనా అలా అన్నారా? "సమస్య యొక్క పరిష్కారం" అని ఇంట్లో ఎవరైనా అంటారా? ఆలస్యానికి కారణం, సమస్యకి పరిష్కారం అనే అంటాం. అంటే మన తెలుగు ఇక్కడ "ఆఫ్" అడగడమే లేదు. "కారణం" అనే మాట తన ముందు "కి" కోరుతుంది, "రీజన్" తన వెనక "ఫర్" కోరుతుంది. రెండు భాషలూ ఒకేలా ఆలోచిస్తున్నాయి. మధ్యలో ఈ "ఆఫ్" దూరింది.

ఎక్కడి నుంచి దూరిందంటే, నా అనుమానం బడి నుంచి. ఆరో తరగతిలో నల్లబల్ల మీద ఒక పట్టిక వేయిస్తారు: ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, టు అంటే కి, ఫర్ అంటే కొరకు, ఆఫ్ అంటే యొక్క. "ఫర్ అంటే కొరకు" అని ఒకసారి బుర్రలో పడ్డాక "ఆలస్యం కొరకు కారణం" అన్నది మనకి అసలు తట్టదు, అది తెలుగే కాదు కదా. కాబట్టి ఫర్ ఆ క్షణమే పోటీలోంచి తప్పుకుంటుంది. రెండు నామవాచకాలు పక్కపక్కన ఉన్నాయి, ఏం పెట్టాలో తెలియడం లేదు, ఆఫ్ పెట్టేద్దాం. అలా వస్తుంది రీజన్ ఆఫ్.

చార్మినార్_చాయ్ · రాత్రి 11:32

మేడమ్, బడి ఒక్కటే కాదేమో. నాది పాతబస్తీ, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, ఆఫీసులో ఇంగ్లిష్. మేము "దేర్ కీ వజా" అంటాం, "మస్లే కా హల్" అంటాం. కా, కీ అంటే ఆఫే కదా. సో రీజన్ ఆఫ్, సొల్యూషన్ ఆఫ్ అనేవి మాకు సీదాగా వచ్చేస్తాయి. నా పక్క సీటు హిందీ అమ్మాయి కూడా అచ్చం అలాగే రాస్తుంది. మా ఇద్దరి మెయిల్స్ చదివి చదివి తెలుగు వాళ్లకి అంటుకుందేమో!

కానీ ఒకటి గమనించండి, ఇంట్రస్టెడ్ ఆన్ మేము రాయం. మాకు దిల్‌చస్పీ ఎప్పుడూ "మే"తోనే వస్తుంది, అంటే ఇన్. అది మాకు ఫ్రీగా కరెక్ట్ అయిపోయింది.

శ్యామల_రివ్యూ · రాత్రి 11:50

ఇది నేను ఆలోచించలేదు! నిజమే. మరి ఇంట్రస్టెడ్ ఆన్ ఎవరిదంటే, అది పక్కా మనది. "నాకు క్లౌడ్ మీద ఇంట్రస్ట్ ఉంది" అంటాం. మీద అంటే ఆన్. "వాడి మీద నమ్మకం" కాన్ఫిడెన్స్ ఆన్ అయింది, "నా మీద కోపం" యాంగ్రీ ఆన్ మి అయింది. కాన్ఫిడెన్స్ ఇన్, యాంగ్రీ విత్ అనాలి. మనసు పోయి ఒకదాని మీద వాలడం తెలుగు పద్ధతి. ఇంగ్లిష్‌లో ఆసక్తీ నమ్మకమూ లోపలికి దిగుతాయి, ఇన్.

అలాగని మీద కనపడగానే ఆన్ కొట్టేయకండి. "సేల్స్ మీద ప్రభావం" ఇంపాక్ట్ ఆన్ సేల్స్, అది సరైనదే. "రిపోర్టు మీద కామెంట్స్", కామెంట్స్ ఆన్. అదీ సరైనదే.

కూకట్‌పల్లి_క్యాషియర్ · బుధవారం, ఉదయం 8:10

నాకు అర్థం కాలేదు. మా బ్యాంకు సర్క్యులర్లలో ఇంట్రస్ట్ ఆన్ డిపాజిట్స్, ఇంట్రస్ట్ ఆన్ లోన్ అనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా అదే రాస్తున్నాం. ఇప్పుడు ఇంట్రస్ట్ ఇన్ డిపాజిట్స్ అని మార్చాలా?

ఉప్పల్_ఉష · ఉదయం 8:22

అంకుల్, అది వడ్డీ! 😄

శ్యామల_రివ్యూ · ఉదయం 8:40

నవ్వకమ్మా ఉషా, మంచి ప్రశ్నే. వడ్డీ అయితే ఆన్, ఆసక్తి అయితే ఇన్. మాట ఒకటే, అర్థం మారితే వెనక వచ్చేదీ మారుతుంది. "కస్టమర్ హ్యాజ్ ఇంట్రస్ట్ ఇన్ ద డిపాజిట్" అంటే అతనికి ఆ స్కీమ్ నచ్చిందని. మీ సర్క్యులర్‌ని ముట్టుకోకండి.

బ్యాచ్‌రికార్డ్ · ఉదయం 9:15

జీడిమెట్లలో ఫార్మా క్యూఏ నాది. సొల్యూషన్ ఆఫ్ అనేది తప్పు అని ఎవరైనా మా ల్యాబ్‌లో చెబితే గొడవే. సొల్యూషన్ ఆఫ్ సోడియం క్లోరైడ్ ఇన్ వాటర్ అని రోజూ రాస్తాం, అది ద్రావణం. చిన్నప్పటి లెక్కల పుస్తకంలో కూడా సొల్యూషన్ ఆఫ్ ద ఈక్వేషన్ అని చదివిన గుర్తు. నా లెక్కలో మన ఇంజినీర్లకి ఆ ఆఫ్ అక్కడే అంటింది. ఇంటర్ రెండేళ్లూ ఎంసెట్ కోసం సొల్యూషన్ ఆఫ్, సొల్యూషన్ ఆఫ్ అని వేలసార్లు చూసిన వాడికి, మెయిల్లో సొల్యూషన్ టు ఎలా వస్తుంది?

ఇంకొకటి. మాకు డీవియేషన్ రిపోర్టులో రూట్ కాజ్ ఆఫ్ ద డీవియేషన్ అని హెడింగ్ ఉంటుంది. రికార్డులో ఏదైనా ఎంట్రీ దిద్దితే రీజన్ ఫర్ చేంజ్ అనే కాలమ్ నింపాలి. రెండూ తెలుగులో కారణమే. ఒకదానికి ఆఫ్, ఇంకోదానికి ఫర్ ఎందుకో ఫారాలు నింపడమే తప్ప ఎప్పుడూ ఆలోచించలేదు.

శ్యామల_రివ్యూ · ఉదయం 10:30

అసలు ముడి అదే. కాజ్ అయితే ఆఫ్, రీజన్ అయితే ఫర్. తెలుగులో రెండిటికీ ఒకటే మాట కావడంతో చేతిలో కలిసిపోయి రీజన్ ఆఫ్, కాజ్ ఫర్ అని తారుమారుగా బయటికొస్తాయి.

మీ ఫారమ్‌నే తీసుకుందాం. డీవియేషన్ ఎలా పుట్టింది? వాల్వు లీకైంది. అది సంఘటనని పుట్టించిన వస్తువు, కాజ్ ఆఫ్. ఎంట్రీ ఎందుకు దిద్దారు? బరువు తప్పు పడింది కాబట్టి. అది ఒక మనిషి తను చేసిన పనికి చెప్పుకునే సంజాయిషీ, రీజన్ ఫర్. "ఏం జరిగితే ఇది జరిగింది" అన్నదానికి కాజ్, "ఎందుకు ఇలా చేశారు, ఎందుకు ఇలా అయింది" అన్నదానికి రీజన్. ఆలస్యానికి రెండూ చెల్లుతాయి: కాజ్ ఆఫ్ ద డిలే అంటే ప్యాచింగ్, రీజన్ ఫర్ ద డిలే అన్నా ప్యాచింగే. డిలే ముందు ద మరిచిపోవద్దు గోపీ, మీ వాక్యంలో అది కూడా లేదు. ఎర్ర రంగు పడలేదంటే మీ మేనేజర్ దాన్ని వదిలేశారన్నమాట.

కాజ్ ఫర్ కన్సర్న్ అని చూసి ఉంటారు, అది తప్పు కాదు. అక్కడ కాజ్ అంటే పుట్టించినది కాదు, ఆందోళన పడటానికి తగినంత కారణం ఉందని. అలాగే భద్రతా కారణాల వల్ల అనడానికి ఫర్ రీజన్స్ ఆఫ్ సెక్యూరిటీ అంటారు. అదీ సరైనదే.

ఈక్వేషన్ సంగతికొస్తే, లెక్కల్లో ఆఫ్, టు రెండూ రాస్తారు. ఆఫీసులో తలనొప్పి తెచ్చే సమస్యకి మాత్రం టు.

ట్రైనర్_రమణ · ఉదయం 10:52

సరే మేడమ్, "కి" వచ్చినప్పుడు టు ఎప్పుడు, ఫర్ ఎప్పుడు? ఇది చెప్పకపోతే నా స్టూడెంట్స్ నన్ను వదలరు.

శ్యామల_రివ్యూ · ఉదయం 11:20

గట్టి సూత్రం లేదండీ. నేను చూసుకునేది ఇంతే: ఎదురుగా ఒకటుంది, దానికి వెళ్లి తగులుతోంది లేదా బదులిస్తోంది అంటే టు. ప్రశ్నకి జవాబు, మెయిల్‌కి రిప్లై, సమస్యకి పరిష్కారం, సర్వర్‌కి యాక్సెస్, ప్రతిపాదనకి అభ్యంతరం, కారుకి డ్యామేజ్. ఇంకా రానిదాన్ని కోరడం, లేదా జరిగినదానికి సమాధానం చెప్పుకోవడం అయితే ఫర్. సెలవుకి రిక్వెస్ట్, మనుషులకి డిమాండ్, తప్పుకి క్షమాపణ, ఆలస్యానికి రీజన్.

ఇది కూడా పదికి ఏడెనిమిది సార్లే పనిచేస్తుంది. ఫిక్స్ చూడండి. సొల్యూషన్ టు ద ఇష్యూ, కానీ ఫిక్స్ ఫర్ ద ఇష్యూ. పని ఒకటే, మాట మారింది, అంతే. సొల్యూషన్ ఫర్ అన్నది కూడా ఉంది, కానీ వెనక మనిషో కంపెనీయో వస్తే: ఎ సొల్యూషన్ ఫర్ స్మాల్ బిజినెసెస్.

మాదాపూర్_మల్లేశ్ · ఉదయం 11:41

నాకొకటి చెప్పుండ్రి. రీజన్ ఆఫ్ అని రాస్తే క్లయింట్‌కు అర్థం కాదా? అయితది. మా క్లయింట్ జర్మనీ ఆయన, ఆయన ఇంగ్లిషే అంతంతమాత్రం. గింత చర్చ అవసరమా? పని అయితే సాలదా?

ఉప్పల్_ఉష · ఉదయం 11:55

మల్లేశన్నా, నేనూ అదే అనుకునేదాన్ని. పోయినేడాది నాకు తగిలిన దెబ్బ చెప్తా విను. మా టికెట్లకి రెస్పాన్స్ టైమ్ పన్నెండు గంటలు ఉండేది. ప్రాసెస్ మార్చి నాలుగు గంటలు తగ్గించాం, ఎనిమిదికి వచ్చింది. నేను ఆనందంగా "రిడక్షన్ టు 4 అవర్స్" అని మెయిల్ కొట్టాను. రాయాల్సింది రిడక్షన్ ఆఫ్ 4 అవర్స్. వాళ్లు నాలుగు గంటల్లో రిప్లై వస్తుందని వాళ్ల పైవాళ్లకి చెప్పేశారు. వారం తర్వాత మా ఆరు గంటల టికెట్లన్నీ లేట్ కింద లెక్కేసి షీటు పంపారు. కాల్‌లో నేను, మా లీడ్, మా లీడ్ వాళ్ల లీడ్... ఆ ముప్పై నిమిషాలు ఏసీలో చెమటలు పట్టాయి. రీజన్ ఆఫ్ అంటే వాళ్లు నవ్వుకుని వదిలేస్తారేమో గానీ, ఆఫ్‌కీ టుకీ మధ్య అంకెలు ఉన్నప్పుడు వదలరు.

మాదాపూర్_మల్లేశ్ · మధ్యాహ్నం 12:03

అది లెక్క తప్పు అక్కా, గ్రామర్ తప్పు కాదు. నా మాట మీద నేనున్న. 🙂 కానీ "తగ్గి నాలుగుకు వచ్చింది", "నాలుగు తగ్గింది"... అవును, తెలుగులో కూడా గంతే తేడా ఉంది కదా.

కొండాపూర్_కావ్య · మధ్యాహ్నం 1:20

నాది కూడా ఇదే ప్రాబ్లమ్! నేను డిస్కస్ అబౌట్ అని రాస్తే మా టీఎల్ తప్పు అంటాడు. "ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్" కూడా తప్పంట. కానీ పైన మేడమ్ రిక్వెస్ట్ ఫర్ కరెక్ట్ అన్నారు. ఎవరు రైట్?

శ్యామల_రివ్యూ · మధ్యాహ్నం 2:05

మీరు అడుగుతున్నది క్రియల గురించి కావ్యగారూ, గోపీది నామవాచకాల గోల. కానీ రెండిటికీ మధ్య గోడ పల్చన. మీ టీఎలూ రైటే, నేనూ రైటే. మై రిక్వెస్ట్ ఫర్ లీవ్ అన్నప్పుడు రిక్వెస్ట్ నామవాచకం, దానికి ఫర్ కావాలి. ఐ రిక్వెస్ట్ లీవ్ అన్నప్పుడు అది క్రియ, దానికేమీ అక్కర్లేదు. ఎ డిస్కషన్ అబౌట్ ద ప్లాన్, కానీ వి డిస్కస్డ్ ద ప్లాన్. నామవాచకానికి అంటుకున్న తోక పొరపాటున క్రియకి కూడా పాకుతుంది. ఆన్సర్ టు యువర్ మెయిల్ అంటాం, ఐ ఆన్సర్డ్ యువర్ మెయిల్ అంటాం. అందుకే మాట ముందు ఐ, వి, షి లాంటిది ఉందో, మై, ద, ఎ లాంటిది ఉందో ఒక్క క్షణం చూసుకోండి.

గచ్చిబౌలి_గోపి · సాయంత్రం 6:45

ఆఫీసులో ఖాళీ దొరికితే నా పాత మెయిల్స్ తవ్వాను. పర్సనల్ జీమెయిల్లో అయితే సెర్చ్ డబ్బాలో ఇలా కొట్టాలి:

```
in:sent "reason of"
```

కోట్స్ పెడితే ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నవే వస్తాయి. ఆఫీసు ఔట్‌లుక్‌లో సెంట్ ఐటమ్స్‌లోకి వెళ్లి `"reason of"` అని కోట్స్‌తో వెతికాను. నలభై ఒకటి వచ్చాయి! గుండె ఆగినంత పనైంది. తెరిచి చూస్తే చాలావరకు ఒకే మెయిల్ రిప్లైల కింద వేలాడుతున్నవి. నేను కొత్తగా రాసినవి తొమ్మిది. రెండు చోట్ల రీజన్ ఆఫ్ రాసింది నేను కాదు, అవతలి మేనేజర్! ఆ స్క్రీన్‌షాట్ దాచుకున్నాను.

ఔట్‌లుక్‌లో ఆటోకరెక్ట్‌లో reason of కి బదులు reason for అని పెట్టేశాను. ఇక చేతికి అలవాటున్నా పర్లేదు.

బ్యాచ్‌రికార్డ్ · సాయంత్రం 7:10

సొల్యూషన్ ఆఫ్‌కి మాత్రం ఆ పని చేయకండి. మా దగ్గర ఎవరైనా చేస్తే సొల్యూషన్ టు సోడియం క్లోరైడ్ అని డాక్యుమెంట్లోకి ఎక్కుతుంది. అప్పుడు రీజన్ ఫర్ చేంజ్ నింపాల్సింది నేనే.

శ్యామల_రివ్యూ · సాయంత్రం 7:35

లీగల్ వాళ్ల అగ్రిమెంట్లలో బై రీజన్ ఆఫ్ అని ఉంటుంది, అది సరైనదే. గోపీ అలాంటి పత్రాలు టైప్ చేస్తే ఆ ఆటోకరెక్ట్ చెడగొడుతుంది. మెయిల్స్ వరకైతే ఉంచుకోండి.

నా పద్ధతి వేరు. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఇంగ్లిష్ డిక్షనరీల్లో రీజన్ అన్న మాట తెరిస్తే, ఉదాహరణ ముందే ఫర్ అని దళసరి అక్షరాల్లో ఉంటుంది. ఫర్ దగ్గర వెతికితే పేజీలకి పేజీలు అర్థాలు, తల తిరుగుతుంది. ఎప్పుడూ పెద్ద మాట దగ్గర చూడాలి, దాని తోక అక్కడే ఉంటుంది.

గచ్చిబౌలి_గోపి · రాత్రి 8:20

మార్చిన మెయిల్ ఇది, చూడండి:

ద రీజన్ ఫర్ ద డిలే ఈజ్ సర్వర్ ప్యాచింగ్. వి హ్యావ్ ఫౌండ్ ఎ సొల్యూషన్ టు దిస్ ఇష్యూ. అవర్ డీబీఏ ఈజ్ వెరీ గుడ్ ఎట్ డేటాబేస్ ట్యూనింగ్. ఇఫ్ యు ఆర్ ఇంట్రస్టెడ్ ఇన్ ఎ కాల్, ప్లీజ్ లెట్ మి నో.

శ్యామల_రివ్యూ · రాత్రి 8:48

ప్రిపొజిషన్లన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ఇక నా గొణుగుడు. రిపోర్టు మొన్ననే వెళ్లిపోయింది కాబట్టి ఈజ్ కాదు, వాజ్. మూడో వాక్యం తీసేయండి. రిపోర్టు లేటైందని మండిపోతున్న మనిషికి మీ డీబీఏ సర్టిఫికెట్ ఎందుకు? అప్రైజల్‌లో రాసుకోండి, అక్కడ గుడ్ ఎట్ ట్యూనింగ్, గుడ్ విత్ క్లయింట్స్ అని. స్ట్రాంగ్ ఇన్, ప్రొఫిషియంట్ ఇన్, వీక్ ఇన్ అన్నీ ఇన్‌తో వస్తాయి, వాటిని చూసే గుడ్ కూడా ఇన్ వైపు జారుతుంది. "లెక్కల్లో దిట్ట" అనే మన "లో" కూడా అటే తోస్తుంది. సబ్జెక్టు పేరు వస్తే గుడ్ ఇన్ మ్యాథ్ అనేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, కాబట్టి దీని మీద మాత్రం ఎవరితోనూ గొడవ పడకండి.

చివరి వాక్యం తప్పు కాదు గానీ, ఇంట్రస్టెడ్ ఇన్ ఎ కాల్ అంటే ప్లాటు అమ్మేవాడి ఫోన్‌లా ఉంది. ఇఫ్ యు వుడ్ లైక్ ఎ కాల్ అనండి, ఏ తోకా లేకుండా పోతుంది.

చార్మినార్_చాయ్ · రాత్రి 9:02

ఇంట్రస్టెడ్ టు నో అని మా మేనేజర్ రాస్తాడు. అది?

శ్యామల_రివ్యూ · రాత్రి 9:10

టు నో, టు హియర్, టు సీ, ఇలా ఏదైనా తెలుసుకోవడం దగ్గర సరే. పనిలో దిగడం అయితే ఇన్: ఇంట్రస్టెడ్ ఇన్ జాయినింగ్. ఇంట్రస్టెడ్ టు జాయిన్ అని అందరూ రాస్తున్నారు, నేను మాత్రం దిద్దుతాను.

ట్రైనర్_రమణ · రాత్రి 9:25

నాకు మాత్రం ఆ "కి" చిట్కా ఇప్పటికీ నచ్చుతోంది. టు, ఫర్ రెండూ చెప్తాను, కుర్రాళ్లు వాళ్లే తేల్చుకుంటారు.

గచ్చిబౌలి_గోపి · గురువారం, ఉదయం 10:05

మెయిల్ వెళ్లిపోయింది. మేనేజర్ ఈసారి ఒకే ఒక్కచోట రంగు వేసింది. సబ్జెక్ట్ లైన్‌లో నేను ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ ద డిలే అని పెట్టాను, ఆవిడ ఫర్ చేసింది. ఆఫ్ కూడా చాలాచోట్ల చూశాను మేడమ్. ఇది నిజంగా తప్పా, ఆవిడ ఇష్టమా?

కొండాపూర్_కావ్య · ఉదయం 10:40

మా టీఎల్ అయితే ఎక్స్‌ప్లనేషన్ ఆన్ అని రాస్తాడు. ఇప్పుడు దొరికాడు.

శ్యామల_రివ్యూ · ఉదయం 11:15

ప్యాచింగ్ ఎలా జరుగుతుందో విప్పి చెప్తే ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ ద ప్రాసెస్. ఎందుకు లేటయ్యారో చెప్పుకుంటే ఎక్స్‌ప్లనేషన్ ఫర్ ద డిలే. ఆలస్యం దగ్గర ఆఫ్ పెట్టినా తప్పనను, కానీ నేనైతే ఆవిడ వైపే. కావ్యగారూ, మీ టీఎల్‌కి మర్యాదగా చెప్పండి, అప్రైజల్ అయ్యాక.